క్యాథెటర్ ఓస్కీ స్టేషన్: 24 మార్కులు వచ్చిన ఇద్దరిలో ఎవరు పాస్?

ప్రశ్న: ఫైనల్ ఇయర్ విద్యార్థులకు యూరినరీ క్యాథెటర్ వేయడం మీద, నైపుణ్యాన్ని చేతల్లో చూసే ఓస్కీ పరీక్షకు ఒక స్టేషన్ తయారు చేసే పని నాకు పడింది. టైమ్ 8 నిమిషాలు. మా డిపార్ట్‌మెంట్‌లో పాత చెక్‌లిస్ట్ ఒకటుంది: 30 అంశాలు, ఒక్కోదానికి ఒక మార్కు. దాంతో పరీక్ష పెడితే దాదాపు అందరికీ 80 శాతం పైనే వస్తోంది. తీరా వార్డులో చూస్తే సగం మందిని ఒంటరిగా వదలాలంటే టెన్షన్. స్టేషన్ ఎలా కట్టాలి, మార్కులు ఎలా పంచాలి, పిల్లలు ఎక్కువగా చేసే తప్పులేంటి?

సమాధానం:

మీ పాత చెక్‌లిస్ట్‌లో "తన పేరు చెప్పారు" అన్నదానికి ఒక మార్కు, "క్యాథెటర్ పూర్తిగా లోపలికి పంపాకే బెలూన్ నింపారు" అన్నదానికీ ఒక మార్కే ఉండి ఉంటుంది. మొదటిది మరిచిపోతే రోగికి కాస్త చిరాకు. రెండోది మరిచిపోతే మూత్రనాళం చిరుగుతుంది, రక్తం వస్తుంది, కొన్నాళ్లకు అక్కడ నాళం ఇరుకైపోయే స్ట్రిక్చర్ కూడా రావచ్చు. ఈ రెంటికీ ఒకే ధర కట్టిన కాగితం మీద అందరికీ 80 శాతం రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. చిన్న చిన్న మర్యాదల మార్కులన్నీ పోగేసుకుంటే అసలు పని రాకపోయినా గట్టెక్కిపోవచ్చు.

అందుకే నేను స్టేషన్ కట్టేటప్పుడు చెక్‌లిస్ట్‌తో మొదలుపెట్టను. ముందు ఒక తెల్లకాగితం మీద, ఈ పనిలో రోగికి నిజంగా హాని చేసేవేంటో రాసుకుంటాను. మగ రోగికి క్యాథెటర్ వేసే విషయంలో ఆ జాబితా చాలా చిన్నది. క్యాథెటర్‌ను మూత్రాశయంలో నిలబెట్టే బెలూన్‌ను మూత్రనాళంలోనే నింపడం, స్టెరిలిటీ పోయిందని గమనించకుండా ముందుకెళ్లడం, వెనక్కి లాగిన పురుషాంగం ముందు చర్మాన్ని మళ్లీ యథాస్థానానికి తేకపోవడం. దెబ్బ తగిలి మూత్రద్వారం దగ్గర రక్తం కనిపిస్తున్నా క్యాథెటర్ తోయడం నాలుగోది, కానీ దాన్ని ఈ స్టేషన్‌లో ఒక ప్రశ్నగా మాత్రమే పరీక్షించగలం. స్టేషన్ మొత్తం ఈ మూడు చోట్లా విద్యార్థి చేతులు స్పష్టంగా కనిపించేలా ఉండాలి. మిగతాదంతా దాని చుట్టూ అమరుతుంది.

ముందు కేసు. తలుపు మీద అతికించే కాగితం నాలుగైదు వాక్యాలకు మించకూడదు. నేనైతే ఇలా రాస్తాను: "68 ఏళ్ల పురుషుడు. 12 గంటలుగా మూత్రం రావడం లేదు, పొత్తికడుపులో నొప్పి. ప్రోస్టేట్ వాపు ఉందని ముందే తెలుసు. ఈ ప్రొసీజర్ గురించి సీనియర్ వివరించి అనుమతి తీసుకున్నారు. మానికిన్ మీద క్యాథెటర్ వేసి, కేస్‌షీట్‌లో నోట్ రాయండి. నోటితో చెప్పడం కాదు, చేసి చూపించండి." అనుమతి ముందే తీసుకున్నారని రాయడానికి కారణం టైమే. 8 నిమిషాల్లో అనుమతి దగ్గర్నుంచి నోట్ దాకా అన్నీ పెడితే అందరూ హడావిడి పడతారు, అప్పుడు మీరు కొలిచేది నైపుణ్యాన్ని కాదు, వేగాన్ని. అనుమతి తీసుకోవడం పరీక్షించాలనుకుంటే దానికి వేరే స్టేషన్ పెట్టండి. ఇక్కడ రోగి పేరు సరిచూసుకోవడం, అలర్జీ అడగడం, ఏం చేయబోతున్నారో రెండు ముక్కల్లో చెప్పడం చాలు.

"చేసి చూపించండి" అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. అది లేకపోతే తెలివైన విద్యార్థి ట్రే ముందు నిలబడి "నేను స్టెరైల్ గ్లౌజులు వేసుకుంటాను, శుభ్రం చేస్తాను, జెల్లీ వేస్తాను" అని అప్పజెప్పేస్తాడు, పరీక్షకుడు మొహమాటానికి టిక్ పెట్టేస్తాడు. నోటిమాటకు మార్కు ఇచ్చేది ఒక్కచోటే: జెల్లీ వేశాక ఆగాల్సిన సమయం. జెల్లీలోని మత్తుమందు లిగ్నోకైన్ పని చేయాలంటే 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది, ఆ టైమ్ మనకు లేదు. విద్యార్థి తనంతట తాను "ఇప్పుడు కొన్ని నిమిషాలు ఆగాలి" అంటే, పరీక్షకుడు "5 నిమిషాలు అయ్యాయనుకోండి" అనాలి. అతను అనకపోతే పరీక్షకుడూ అనకూడదు. దయతలచి ముందే చెప్పేసే పరీక్షకులు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉంటారు, వాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పి పెట్టాలి.

ఇక వస్తువులు. ట్రాలీ మీద సరిగ్గా కావలసినవే పెడితే ఎంపిక చేసే తెలివిని పరీక్షించినట్టు కాదు. అలాగని పది రకాల ఉచ్చులు పన్నితే అది పజిల్ అవుతుంది. నేను క్యాథెటర్లు మూడు పెడతాను: 14 ఫ్రెంచ్ మందంతో మామూలు పొడవుది, 14 ఫ్రెంచే కానీ ఆడవాళ్లకు వాడే పొట్టిది, 22 ఫ్రెంచ్ త్రీవే. మగవాళ్ల మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్లు. పొట్టి క్యాథెటర్‌ను చివరిదాకా తోసినా బెలూన్ మూత్రాశయంలోకి చేరుతుందన్న నమ్మకం ఉండదు. మీ వార్డులో ఆ పొట్టి రకమే రాదంటే దాన్ని వదిలేయండి, వాళ్లు ఎన్నడూ చూడని వస్తువుతో తికమక పెట్టడం న్యాయం కాదు. బెలూన్ నింపడానికి స్టెరైల్ వాటర్ ఆంప్యూల్, పక్కనే సెలైన్ ఆంప్యూల్ ఉంచవచ్చు. సెలైన్ ఎక్కువ రోజులు ఉంటే స్ఫటికాలు ఏర్పడి బెలూన్ దారి మూసుకుపోవచ్చు, తీసేటప్పుడు నీళ్లు వెనక్కి రావు. క్యాథెటర్ వాల్వ్ దగ్గర సైజు, బెలూన్‌లో ఎన్ని మి.లీ. పట్టాలన్నది రాసి ఉంటుంది. దాన్ని చదివి చూసిన విద్యార్థిని మీరు ఇట్టే గుర్తుపడతారు, ప్యాకెట్‌ను వెలుతురు వైపు తిప్పుతాడు.

అదనపు గ్లౌజులు, ఇంకో 14 ఫ్రెంచ్ క్యాథెటర్ ట్రాలీ కింది అరలో కనిపించేలా ఉండాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, అవి లేకపోతే "స్టెరిలిటీ పోయింది, కొత్తది కావాలి" అని అడగాల్సిన విద్యార్థి, దొరకదేమోనని నోరు మూసుకుని కానిచ్చేస్తాడు. అప్పుడు తప్పు అతనిదా, ట్రాలీ సర్దిన మనదా?

మానికిన్ సంగతి. ముందు చర్మం లేని మోడల్ అయితే ఈ స్టేషన్‌లో ముఖ్యమైన మూడో అంశాన్ని పరీక్షించలేరు, అది ఉన్న మోడలే సంపాదించండి. లోపలి సంచిలో నీళ్లు నింపి, ప్రతి విద్యార్థికీ ముందు ఒకసారి చూడాలి. నీళ్లు రాని మానికిన్ మీద పరీక్ష పెడితే, మూత్రం కనిపించకుండానే బెలూన్ నింపమని మనమే నేర్పినట్టవుతుంది. పోవిడోన్ అయోడిన్ మోడల్‌కు మరకలు పెడుతుంది కాబట్టి, ఆ పేరు రాసిన గిన్నెలో మామూలు నీళ్లు పోయండి. జెల్లీ బదులు ఆ మోడల్‌కు తయారీదారు చెప్పిన లూబ్రికెంట్ వాడండి, లేకపోతే నాలుగో విద్యార్థి వచ్చేసరికి క్యాథెటర్ జారడం మానేస్తుంది.

రోగి పాత్రకు ఒక మనిషిని మానికిన్ తలవైపు కూర్చోబెడితే స్టేషన్ నాణ్యత ఒక్కసారిగా మారిపోతుంది. కింది భాగం మానికిన్‌ది, పైన మనిషిది, మధ్యలో దుప్పటి. ఆ మనిషి ఎందుకు కావాలో బెలూన్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఇప్పుడు చెక్‌లిస్ట్. మొత్తం 30 మార్కులే ఉంచాను, అంశాలు మాత్రం 13కి తగ్గించాను.

1. చేతులు శుభ్రం చేసుకుని, తన పేరు చెప్పి, రోగి పేరు సరిచూసుకున్నారు; ఏం చేయబోతున్నారో చెప్పారు: 2
2. లేటెక్స్, లిగ్నోకైన్ అలర్జీ గురించీ, దెబ్బ తగలడం, రక్తం రావడం గురించీ అడిగారు: 2
3. సరైన క్యాథెటర్ ఎంచుకుని, గడువు తేదీ, బెలూన్ పరిమాణం చదివారు: 2
4. ట్రే తెరిచి, వస్తువులను స్టెరైల్ గుడ్డ మీదికి చేయి తగలకుండా వేశారు: 2
5. స్టెరైల్ గ్లౌజులను బయటివైపు ఒట్టి చేయి తగలకుండా వేసుకున్నారు: 2
6. డ్రేప్ కప్పి, ముందు చర్మం వెనక్కి లాగి, మూత్రద్వారం నుంచి బయటివైపుకు, ఒక్కో గాజ్ గుడ్డ ముక్కతో ఒక్కసారే తుడిచారు: 2
7. పురుషాంగాన్ని నిటారుగా పట్టుకుని సుమారు 10 మి.లీ. జెల్లీ నెమ్మదిగా వేసి, ఆగాలని చెప్పారు: 2
8. పురుషాంగాన్ని పట్టుకున్న చేయి క్యాథెటర్‌ను తాకలేదు, క్యాథెటర్ డ్రేప్ బయట ఎక్కడా తగల్లేదు. తగిలితే వెంటనే గుర్తించి మార్చారు: 3
9. క్యాథెటర్‌ను దాని వెనక రెండుగా చీలే వై జంక్షన్ మూత్రద్వారానికి ఆనేదాకా పంపారు: 3
10. మూత్రం రావడం చూశాకే, రోగి ముఖం గమనిస్తూ, నొప్పి ఉందా అని అడుగుతూ స్టెరైల్ వాటర్‌తో బెలూన్ నింపారు: 3
11. ఆనేదాకా మెల్లగా వెనక్కి లాగి, బ్యాగ్‌ను మూత్రాశయం కంటే కింద వేలాడదీసి, ట్యూబ్‌ను తొడకు అతికించారు: 2
12. ముందు చర్మాన్ని యథాస్థానానికి తెచ్చారు: 3
13. నోట్: తేదీ, సమయం, కారణం, సైజు, బెలూన్ నీళ్లు, వచ్చిన మూత్రం ఎంత, రంగు, ముందు చర్మం సరిచేసినట్టు: 2

బ్యాగ్‌ను ముందే తగిలించడమా, తర్వాతా అన్నది మీ వార్డు పద్ధతిని బట్టి పెట్టుకోండి, రెంటికీ మార్కు ఇవ్వండి. నోట్‌లో రాయడానికి "బ్యాగ్‌లో 800 మి.లీ., లేత పసుపు రంగు" అని పరీక్షకుడు కార్డు చూపిస్తే చాలు.

ఈ వాక్యాలు రాసిన తీరు ఒకసారి చూడండి. ప్రతిదీ కంటికి కనిపించే పని. చాలా చెక్‌లిస్ట్‌లలో "అసెప్టిక్ పద్ధతి పాటించారు: అవును/కాదు" అని ఉంటుంది. దానికి ఇద్దరు పరీక్షకులు రెండు రకాలుగా మార్కు వేస్తారు, ఇద్దరూ తమదే రైట్ అంటారు. "పట్టుకున్న చేయి క్యాథెటర్‌ను తాకలేదు" అంటే వాదన ఉండదు. తాకిందా లేదా, అంతే.

కానీ మార్కుల బరువు మార్చినంత మాత్రాన సమస్య తీరిపోదు. ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి.

మొదటివాడు చకచకా చేస్తాడు. మాట బాగుంది, రోగితో నవ్వుతూ మాట్లాడతాడు, గ్లౌజులు వేసుకోవడం సర్జన్‌లా ఉంటుంది. క్యాథెటర్ లోపలికి పంపుతుంటే ట్యూబ్‌లో నీళ్లు కనిపించాయి. అక్కడే ఆగిపోయి, ఇంకా ఐదారు సెంటీమీటర్లు బయట ఉండగానే, రోగి ముఖం చూస్తూ, నొప్పి ఉందా అని మర్యాదగా అడుగుతూ 10 మి.లీ. నింపేశాడు. మెల్లగా లాగాడు, బ్యాగ్ వేలాడదీశాడు, తొడకు అతికించాడు, వెళ్లి చక్కటి నోట్ రాశాడు. ముందు చర్మం మాత్రం వెనక్కే ఉండిపోయింది. 9లో 3, 12లో 3 పోయాయి. మిగిలినవి 24.

రెండో అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. తన పేరు చెప్పడం మరిచిపోయింది, ఒక మార్కు పోయింది. ఆంప్యూల్ ట్రే అంచు మీదికి దొర్లింది, ఇంకొకటి. జెల్లీ వేసింది కానీ ఆగాలని చెప్పలేదు, మరొకటి. క్యాథెటర్ ప్లాస్టిక్ తొడుగులోంచి తీస్తుంటే కొస తొడకు తగిలింది. "ఇది పనికిరాదు, ఇంకొకటి తీసుకుంటాను" అని కింది అరలోంచి కొత్తది తెప్పించుకుంది. వై జంక్షన్ దాకా పంపింది, మూత్రం చూసింది, బెలూన్ నింపింది, ముందు చర్మం సరిచేసింది. ట్యూబ్ అతికించబోతుంటే గంట కొట్టారు. 11లో ఒకటి, నోట్‌లో రెండూ పోయాయి. మొత్తం పోయినవి 6, మిగిలినవి 24.

మీ పాత కాగితం మీద మొదటివాడికి 28, రెండో అమ్మాయికి 23 దాకా వచ్చేవి. కొత్తదాని మీద ఇద్దరూ సమానం. కాస్త మెరుగే, కానీ రాత్రి డ్యూటీలో నా రోగి దగ్గరికి వీళ్లలో ఎవరిని పంపుతానో నాకు ఒక్క క్షణం కూడా సందేహం లేదు. మార్కుల మొత్తం ఆ సంగతి చెప్పలేకపోతోంది. అందుకే రెండు పనులు చేయాలి.

ఒకటి, రెడ్ రూల్. 8, 9-10, 12 అంశాలకు పక్కన చిన్న ఎర్ర గడి పెట్టండి. స్టెరిలిటీ పోయినా గమనించకుండా కొనసాగించినా, వై జంక్షన్ దాకా పంపకుండా లేదా మూత్రం చూడకుండా బెలూన్ నింపి సరిదిద్దుకోకపోయినా, ముందు చర్మం వదిలేసి నోట్ రాయడం మొదలుపెట్టినా ఆ గడిలో గుర్తు పెడతారు. ఒక్క గుర్తు పడినా మొత్తం మార్కులు ఎన్ని ఉన్నా స్టేషన్ ఫెయిల్. ఈ గడులు మూడుకు మించనివ్వకండి. కమిటీలో కూర్చుంటే ఒక్కో ప్రొఫెసర్‌గారూ తనకిష్టమైన అంశం ఒకటి చేరుస్తారు, చివరికి తొమ్మిది ఎర్ర గడులై, ఏ చిన్న పొరపాటుకైనా ఎవరైనా ఫెయిలయ్యే పరిస్థితి వస్తుంది. గంట కొట్టడం వల్ల ముందు చర్మం దాకా రాలేకపోతే మూడు మార్కులు పోతాయి, ఎర్ర గుర్తు మాత్రం వద్దు. టైమ్ చాలకపోవడం వేరు, మరిచిపోవడం వేరు. ఈ తేడా ఉండాలంటే, బెలూన్ నింపగానే ముందు చర్మం సరిచేయడం అలవాటు చేయండి, చివరికి వాయిదా వేయనివ్వకండి.

రెండోది, గ్లోబల్ రేటింగ్. చెక్‌లిస్ట్ పూర్తయ్యాక మార్కులు కూడకముందే పరీక్షకుడు 1 నుంచి 5 వరకు ఒక అంకె వేయాలి: 1 స్పష్టంగా ఫెయిల్, 2 బోర్డర్‌లైన్, 3 పాస్, 4 బాగుంది, 5 చాలా బాగుంది. తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ విద్యార్థిని ఇలాంటి రోగి దగ్గర ఒంటరిగా వదలగలనా?" ఈ అంకెను మార్కులకు కలపరు. పాస్ మార్కు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి వాడతారు. అందరి గ్లోబల్ రేటింగ్ అడ్డంగా, చెక్‌లిస్ట్ మార్కులు నిలువుగా పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో ఒక గీత గీయించండి. గీత 2 దగ్గర ఏ మార్కును తాకుతుందో అదే పాస్ మార్కు. ఉదాహరణకు గీత లెక్క 12 + 3.5 × రేటింగ్ అని వచ్చిందనుకోండి, బోర్డర్‌లైన్ దగ్గర 12 + 7, అంటే 19. 30కి 19 వస్తే పాస్. 50 శాతం అని కళ్లు మూసుకుని పెట్టేదానికంటే ఇది ఎంతో సమర్థించుకోదగిన లెక్క.

ఆ గీత ఇంకో సంగతి కూడా చెబుతుంది. మీ పాత చెక్‌లిస్ట్‌తో గీస్తే అది దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుందని నా ఊహ. పరీక్షకుడు 1 వేసినవాడికీ, 5 వేసినవాడికీ మార్కులు ఇంచుమించు ఒకటే అయితే, చెక్‌లిస్ట్ కొలుస్తున్నది వేరే, అనుభవజ్ఞుడి కన్ను చూస్తున్నది వేరే అని అర్థం. మీ ఇబ్బందికి అంకెల రూపం అదే. విద్యార్థులు మరీ తక్కువైతే, అంటే ముప్పై నలభై మందే ఉంటే, ఈ గీత మీద ఆధారపడకండి. బోర్డర్‌లైన్ దగ్గర ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లలో ఒక్కరు తారుమారైనా గీత కదిలిపోతుంది. అప్పుడు పరీక్షకు ముందే నలుగురైదుగురు పరీక్షకులు కూర్చుని, "అంతంత మాత్రం విద్యార్థికి ఈ అంశంలో ఎన్ని మార్కులు వస్తాయి" అని ఒక్కో అంశానికి అంచనా వేసి, ఆ సగటుల మొత్తాన్ని పాస్ మార్కుగా పెట్టుకునే ఆంగాఫ్ పద్ధతి నయం.

ఇక తప్పులు. మీరు చివర్లో అడిగారు కానీ, పరీక్షకులకు ముందు నేర్పాల్సింది ఇదే. ఏది చూడాలో తెలియకపోతే ఎంత మంచి చెక్‌లిస్ట్ అయినా వృథా.

బెలూన్ తప్పు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి విద్యార్థులే ఎక్కువగా చేసేది అది. వాళ్ల లెక్క ఇది: మూత్రం వచ్చింది, అంటే క్యాథెటర్ మూత్రాశయంలో ఉంది, అంటే బెలూన్ నింపొచ్చు. ఇందులో పొరపాటు క్యాథెటర్ నిర్మాణంలో దాగి ఉంది. మూత్రం లోపలికి వచ్చే రంధ్రాలు కొస దగ్గర ఉంటాయి. బెలూన్ వాటి వెనక ఉంటుంది. కొస మూత్రాశయం మెడ దాటగానే మూత్రం వచ్చేస్తుంది, అదే క్షణంలో బెలూన్ ఇంకా ప్రోస్టేట్ దగ్గర మూత్రనాళంలోనే ఉండవచ్చు. మూత్రం రావడం అవసరం, కానీ అది చాలదు. వై జంక్షన్ దాకా తోయమనేది అందుకే. పరీక్షకుడు చూడాల్సింది సిరంజి తగిలించే క్షణంలో మూత్రద్వారానికీ వై జంక్షన్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందని. రెండు వేళ్ల ఖాళీ కనిపిస్తే తప్పు జరగబోతున్నట్టే. అది కనిపించాలంటే పరీక్షకుడి కుర్చీ విద్యార్థికి ఎదురుగా, మంచం కాళ్లవైపు ఉండాలి. చాలాచోట్ల గోడకు ఆనించి, విద్యార్థి వీపు వెనక వేస్తారు, అక్కడినుంచి కనిపించేది తెల్లకోటు మాత్రమే.

రోగి పాత్రధారి పని ఇక్కడే. మానికిన్‌కు నొప్పి తెలియదు. ఖాళీ ఉండగా విద్యార్థి సిరంజి నొక్కడం మొదలుపెడితే, పరీక్షకుడు ముందే అనుకున్న సైగ చేయాలి, ఉదాహరణకు పెన్ను కింద పెట్టడం. రోగి ఒక్కసారి "అబ్బా, నొప్పి!" అనాలి, మళ్లీ అనకూడదు. విద్యార్థి ఆగి, నీళ్లు వెనక్కి తీసి, క్యాథెటర్ ఇంకా లోపలికి పంపి, మళ్లీ నింపితే 9లో ఒక మార్కు ఇవ్వండి, ఎర్ర గుర్తు వద్దు. "కాస్త ఓర్చుకోండి, అయిపోతుంది" అని నింపుతూ పోతే ఇంక చెప్పేదేముంది. ఈ సైగ అన్ని సర్క్యూట్‌లలో, అందరికీ ఒకేలా ఉండాలి, లేకపోతే ఒక హాల్లో వాళ్లకు రెండో అవకాశం, పక్క హాల్లో వాళ్లకు లేదు అన్న ఫిర్యాదు వస్తుంది.

దీనికి తోడు ఇంకో తప్పు ఉంది. వై జంక్షన్ దాకా పంపినా కొన్నిసార్లు మూత్రం వెంటనే రాదు, జెల్లీ రంధ్రాలకు అడ్డుపడుతుంది. టెన్షన్‌లో ఉన్న విద్యార్థి "పూర్తిగా వెళ్లిందిగా" అని నింపేస్తాడు. ఆగి చూడడం, పొత్తికడుపు మీద మెల్లగా నొక్కడం, పెద్ద సిరంజితో కాస్త లాగి చూడడం, ఏది చేసినా సరే. రాకుండా నింపితే మాత్రం 10లో సున్నా, పైగా ఎర్ర గుర్తు.

స్టెరిలిటీ పోవడం ఎక్కడెక్కడ జరుగుతుందో మూడు చోట్లు చెబుతాను, పరీక్షకులను అక్కడ కన్ను వేసి ఉంచమనండి. మొదటిది, పురుషాంగాన్ని పట్టుకున్న చేత్తోనే సర్దుబాటు కోసం క్యాథెటర్ పట్టుకోవడం. పురుషాంగాన్ని ఒకసారి పట్టుకున్న చేయి ఇక ఆ పని అయ్యేదాకా అక్కడే ఉండాలి. రెండోది, తుడిచాక పట్టు వదిలేయడం. జెల్లీ సిరంజి అందుకోవడానికి చేయి తీస్తారు, ముందు చర్మం మళ్లీ ముందుకు జారుతుంది, తుడిచినదంతా వృథా. మూడోది, క్యాథెటర్ తోక. కొసను జాగ్రత్తగా చూసుకుంటూనే వెనక భాగం డ్రేప్ దాటి మంచం మీద పడేస్తారు. క్యాథెటర్‌ను లోపలి ప్లాస్టిక్ తొడుగు నుంచి పూర్తిగా తీయకుండా, కొస దగ్గర కొంచెం చింపి, తొడుగును వెనక్కి జరుపుకుంటూ లోపలికి పంపితే ఈ మూడోది జరగదు. అలా చేసినవాళ్లకు నేను గ్లోబల్ రేటింగ్‌లో ఒక మెట్టు ఎక్కువే వేస్తాను.

ముందు చర్మం విషయం చిన్నదే, కానీ మరిచిపోవడానికి మంచి కారణం ఉంది: మూత్రం వచ్చి, బ్యాగ్ నిండుతుంటే పని అయిపోయిందన్న నిశ్చింత వచ్చేస్తుంది. వెనక్కి ఉండిపోయిన చర్మం వాచి బిగుసుకుంటే అది పారాఫైమోసిస్, కొన్ని గంటల్లో ఎమర్జెన్సీ. స్పృహ సరిగా లేని రోగి అయితే నొప్పి అని చెప్పే దిక్కు కూడా లేదు. నోట్‌లో "ముందు చర్మం సరిచేయబడింది" అన్న వాక్యం రాయమనడానికి కారణం ఇదే. అది రాస్తుండగా గుర్తొచ్చి మంచం దగ్గరికి వెనక్కి వెళ్లినవాళ్లను నేను చూశాను. అలా వెళ్లి సరిచేస్తే ఎర్ర గుర్తు కొట్టేసి 2 మార్కులు ఇవ్వండి. చేయకుండా చేసినట్టు రాసినవాళ్ల సంగతి వేరు, అది పరీక్షకుల సమావేశంలో మాట్లాడాల్సిన విషయం.

పరీక్షకు ముందు వారంలో స్టేషన్‌ను ఒకసారి నడిపి చూడండి. ఒక రెసిడెంట్‌ను పిలిచి ఇదే కాగితం ఇచ్చి చేయించండి. మామూలు వేగంతో 6 నిమిషాల్లో తను పూర్తి చేయలేకపోతే విద్యార్థికి 8 చాలదు, అప్పుడు 10 నిమిషాలకైనా పెంచాలి, లేదా ట్రే ముందే తెరిచి పెట్టి 4వ అంశాన్ని తీసేయాలి. నేనైతే టైమ్ పెంచమనే అడుగుతాను. అదే రోజు పరీక్షకులందరినీ కూర్చోబెట్టి, ఆ రెసిడెంట్‌ను మళ్లీ చేయమని, ఈసారి కావాలని రెండు తప్పులు చేయమని చెప్పండి. ఎవరి కాగితం వాళ్లు నింపాక పోల్చి చూడండి. ఒకే ప్రదర్శనకు ఒకరు 18, ఒకరు 26 వేస్తే, ఏ వాక్యం దగ్గర విడిపోయారో కనిపెట్టి ఆ వాక్యాన్ని తిరగరాయండి. సాధారణంగా విడిపోయేది 8 దగ్గరే.

పరీక్ష రోజు ఒక మనిషిని స్టేషన్ తిరిగి సర్దడానికే పెట్టుకోండి. బెలూన్ నీళ్లు తీయాలి, బ్యాగ్ ఖాళీ చేయాలి, మానికిన్ తుడిచి నీళ్లు నింపాలి, ముందు చర్మం మామూలు స్థితిలో పెట్టాలి, కొత్త ట్రే దించాలి. మార్పు గంటల మధ్య రెండు నిమిషాలు లేకపోతే ఇవన్నీ కావు. ట్రేలు రెండు సెట్లు ఉంటే ఒకటి నడుస్తుండగా ఇంకొకటి సర్దుకోవచ్చు. ఒకే క్యాథెటర్‌ను మళ్లీ మళ్లీ వాడితే బెలూన్ ఒకవైపే ఉబ్బడం, లీకవడం మొదలవుతుంది. ఆ టైమ్‌లో వచ్చిన విద్యార్థి తన తప్పేమో అనుకుని కంగారు పడతాడు, కాబట్టి కొన్ని ఎక్కువే తెచ్చి పెట్టుకోండి.